డియర్ సర్ తర్వాత కామా

నాకు కోపం తెప్పించాలంటే పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఉత్తరం పైన డియర్ సర్ అని పెట్టి, కింద యువర్స్ సిన్సియర్లీ అని పెడితే చాలు. ఇప్పటికీ అంతే. స్కూలు నుంచి సర్క్యులర్ వచ్చినా, బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినా ముందు నా కళ్ళు పోయేది ఆ రెండు చోట్లకే. మధ్యలో ఏం రాశారో తర్వాత చూస్తాను. పెళ్ళైన కొత్తలో మా ఆయన "నీకు వేరే పనే లేదా తల్లీ" అని నవ్వేవాడు. రువైస్‌లో జరిగిందంతా తెలిశాక నవ్వడం మానేశాడు.

ఈ పిచ్చి నాకు కాకినాడలో పట్టింది. ఇంటర్ అయ్యాక టైపు నేర్చుకోవడానికి చేరితే, అక్కడి మాస్టారికి స్పీడు లెక్కలోకే వచ్చేది కాదు. మేం కొట్టిన ఉత్తరం తీసుకుని పైన ఒకసారి, కింద ఒకసారి చూసేవారు. రెండూ కుదరకపోతే మధ్యలో ఏముందో చదవకుండా పరపరా చింపేసేవారు. పేరు పెట్టకుండా డియర్ సర్ అన్నావా, కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ. డియర్ మిస్టర్ ఫలానా అని ఇంటిపేరుతో పిలిచావా, యువర్స్ సిన్సియర్లీ. బాగా చనువున్న మనిషైతే పేరు పెట్టి పిలిచి, కింద బెస్ట్ విషెస్ అనుకో, రిగార్డ్స్ అనుకో, నీ ఇష్టం. పైన పిలుపు తర్వాత కామా పెడితే కింద ముగింపు తర్వాత కూడా కామా. పైన మానేస్తే కిందా మానెయ్యాలి. "ముక్కూమొహం తెలియనివాడింటికెళ్ళి గుమ్మంలో వంగి దండం పెట్టి, వచ్చేటప్పుడు వాడి భుజం మీద చెయ్యేసి వస్తావుటే?" అని తిట్టేవారు. నేను ఏడ్చుకుంటూనే నేర్చుకున్నాను.

పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం రువైస్‌లో. అబూధాబీ నుంచి బస్సులో రెండున్నర గంటలు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఇసుక, మధ్యలో కంపెనీ క్వార్టర్లు. ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడలేక, దగ్గర్లో పైపులైను పని చేస్తున్న ఒక కాంట్రాక్టు కంపెనీ సైటు ఆఫీసులో చేరాను. ఇది రెండు వేల పన్నెండు నాటి మాట. పేరుకు డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే వచ్చే కాగితం, పోయే కాగితం నంబరు వేసి ఫైల్లో పెట్టడం, మేనేజర్లు రాసిన ఉత్తరాలు పంపే ముందు సరిచూడటం. పోర్టాక్యాబిన్ అనే రేకుల గదిలో ఓ మూల బల్ల, ఏసీ చప్పుడు, పన్నెండుమంది మగాళ్ళు.

ఆ మగాళ్ళకి ఉత్తరం రాయడమంటే పాత ఉత్తరం తెరిచి, పేరు మార్చి, కొత్త పేరుతో సేవ్ చేసుకోవడం. దాంతో పై భాగం కొత్తది, కింది భాగం పోయిన నెలది. డియర్ మిస్టర్ అని మొదలెట్టి ఫెయిత్‌ఫుల్లీ అని ముగించేవాళ్ళు, డియర్ సర్స్ అని కంపెనీ మొత్తానికి రాసి చివర్లో చీర్స్ అని పెట్టేవాళ్ళు. అన్నీ నేనే దిద్దేదాన్ని. ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. దిద్దినట్టు కూడా తెలియదు వాళ్ళకి.

అందరిలోకీ కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ప్రత్యేకం. సైటు మీద పనంతా ఆయన చేతిలోనే ఉండేది. వర్కర్లందరూ అరబ్బీలో ముదీర్, అంటే మేనేజర్, అనేవారు. అంతకుముందు ఏదో అమెరికన్ కంపెనీలో పనిచేసొచ్చాడు. ఆయన అలవాటు పిలుపు తర్వాత కామా కాదు, కోలన్. డియర్ మిస్టర్ ఫలానా, పక్కన రెండు చుక్కలు నిలువుగా. అమెరికాలో వ్యాపారపు ఉత్తరాలకి అది సరైనదే, నేను కాదనను. కానీ మా కంపెనీ పద్ధతి కామా. రెండేళ్ళపాటు ఆయన చుక్కల్ని కామాలుగా మార్చడమే నా పని. ఒకసారి ధైర్యం చేసి చెప్తే, "నువ్వు నా ఉత్తరం చదువుతావా, చుక్కలు లెక్కపెడతావా?" అన్నాడు ఇంగ్లీషులో. చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలించారు.

మా స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ అమలాపురం అవతలి మనిషి. పైపులు బిగించేవాళ్ళు నిలబడడానికి ఇనప గొట్టాలతో పరంజా కట్టే గ్యాంగుకి పెద్ద. యాభై దాటాయి, గల్ఫ్‌లోనే ఇరవయ్యేళ్ళు. తెలుగు చదవడం వచ్చు. హిందీ గడగడా మాట్లాడతాడు. ఇంగ్లీషులో మాత్రం సంతకం ఒక్కటే. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళ లీవు అప్లికేషనో, సెలవు పొడిగింపో రాయించుకోవడానికి వర్కర్లు నా దగ్గరికి వచ్చేవారు. ఆఫీసు కంప్యూటర్ మీద సొంత పనులు చేస్తే వార్నింగ్ లెటర్ ఇస్తామని గోడకి నోటీసు ఉంది. అయినా చేసేదాన్ని. టైపు చేసి, ప్రింటు తీసి, సేవ్ చెయ్యకుండా మూసేసేదాన్ని.

ఒకరోజు బాబాయ్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఓ కాయితం రాసిపెట్టాలమ్మా. పైపుల కింద మూడు చోట్ల పరంజా బాగోలేదండి. కాళ్ళ కింద పలకల్లేవు. అడ్డగొట్టాలు పైపోళ్ళు పీకేసి, మళ్ళీ పెట్టకుండా ఒదిలేశారు. ముదీర్‌కి నోటితో మూడుసార్లు చెప్పేను. యల్లా యల్లా, కానియ్యండి కానియ్యండి అంటాడు తప్ప పని ఆపడు."

"కాగితం ఇస్తే ఆపుతాడా?"

"ఆపకపోతే ఆపకపోయాడమ్మా. రేపేదన్నా అయితే నా మెడకి చుట్టుకుంటది. మా పక్కూరి మనిషి పైన పని చేస్తన్నాడు, నా మాట మీద వచ్చిన మనిషి. ఆళ్ళింటికాడ నేను మాటిచ్చి తెచ్చేను."

అబూధాబీలో కూర్చునే ప్రాజెక్టు మేనేజర్‌ పేర, ముదీర్ ద్వారా పంపేలా రాయడం మొదలెట్టాను. బాబాయ్‌కి మన పద్ధతిలో రాయాలని ఉంది. పైన గౌరవనీయులైన అనీ, కింద ఇట్లు తమ విధేయుడు అనీ ఉండాలన్నాడు. అది ఇక్కడ నడవదు బాబాయ్, డియర్ సర్ అంటే చాలు, కింద యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, అందులోనే మీ విధేయత అంతా వచ్చేస్తుంది అన్నాను. పోనీ పేరు పెట్టి డియర్ మిస్టర్ అందామా అని ఆటపట్టించాను.

"అమ్మో! పెద్ద సారుకి పేరెట్టి రాస్తామేటండీ? కళ్ళు పోవూ!" అని చెంపలేసుకున్నాడు.

మూడు చోట్లా ఏయే స్తంభాల మధ్య ఏమేం లోపాలున్నాయో ఆయన చెప్తుంటే వరసగా కొట్టాను. ఉత్తరం రెండో పేజీలోకి పోయింది. ముగింపూ సంతకమూ ఒంటరిగా రెండో పేజీలో పడకూడదు, కనీసం రెండు వాక్యాలు వాటితో వెళ్ళాలి అని మాస్టారి ఆజ్ఞ. చివరి రెండు వాక్యాల్ని అటు జరిపాను. పై విషయాన్ని దయతో పరిశీలించవలసిందిగా కోరుతున్నాను, తగిన చర్య తీసుకోగలరని ఆశిస్తున్నాను. ఆ రెండు వాక్యాలు ఏ ఉత్తరానికైనా సరిపోతాయని అప్పుడు నాకు తట్టలేదు. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, కామా, కింద ఆయన సంతకం. మొదటి పేజీ అడుగున కూడా పొట్టి సంతకం పెట్టించాల్సింది. ఇన్ని నియమాలు తెలిసినదాన్ని, అది చెయ్యలేదు. తల పట్టుకున్నా లాభం లేదిప్పుడు.

రెండు కాపీలిచ్చి, ముదీర్ దగ్గర ఒకదాని మీద అందినట్టు స్టాంపు వేయించుకు రమ్మన్నాను. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు.

"రెండూ తీసేసుకున్నాడమ్మా. స్టాంపెయ్యమంటే ఆయన మీద నమ్మకం లేదనుకోడూ?"

"అయ్యో బాబాయ్, అది మర్యాద తక్కువేం కాదు, అందరూ చేసేదే!"

"పోనీలెండమ్మా. చేతిలో పెట్టేను కదా. ఖలాస్."

మూడు వారాలకి అందులో ఒక పరంజా కూలిపోయింది. పొద్దున్న పదింటికి. ఆఫీసులో కూర్చున్న మాకు ఆ చప్పుడు వినబడింది. ఇద్దరు పైపు ఫిట్టర్లు కింద పడ్డారు. ఒకతనికి కాలు విరిగింది. రెండో అతనికి నడుం విరిగింది. నడుం విరిగినతను బాబాయ్ పక్కూరి మనిషి. అంబులెన్సు వెళ్ళాక బాబాయ్ మా మెట్ల మీద కూర్చుండిపోయాడు. హెల్మెట్ తియ్యలేదు. నేను నీళ్ళిస్తే తాగాడు.

మూడో రోజున విచారణ పెట్టారు. మా కంపెనీ వాళ్ళు, పని ఇచ్చిన కంపెనీ సేఫ్టీ వాళ్ళు కలిసి కూర్చుంటారు. నేను ముందే చెప్పాను, కాగితమిచ్చాను అని బాబాయ్ క్యాంపంతా చెప్పుకున్నాడు. ముదీర్ కాదనలేదు. అవును, ఇచ్చాడు, ఇదిగో అని తన డెస్కులోంచి ఉత్తరం తీసి ఫైలుకి పంపాడు. కాదంటే చూసినవాళ్ళున్నారు. అవునంటే చాలు, మిగతాది కాగితమే చూసుకుంటుంది. విచారణకి ఐదు కాపీలు తియ్యమని అడ్మిన్ మేనేజర్ నా బల్ల మీద పెట్టించాడు.

జిరాక్స్ మెషిన్ దగ్గర నిలబడ్డాను. మొదటి పేజీ గ్లాసు మీద పెట్టబోతూ, అలవాటు కొద్దీ పైకి చూశాను. డియర్ మిస్టర్ అని ప్రాజెక్టు మేనేజర్ ఇంటిపేరు, పక్కన కోలన్. రెండో పేజీ తిప్పాను. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, కామా. అప్పుడు మధ్యలోది చదివాను. కింద తెలిపిన మూడు చోట్ల పరంజాలను నేను స్వయంగా తనిఖీ చేశాను, అన్నీ సక్రమంగా ఉన్నాయి, వాడుక కొనసాగించడానికి అనుమతి కోరుతున్నాను. అవే మూడు చోట్లు. అవే స్తంభాల నంబర్లు. అక్షరాలు కూడా నేను వాడినవే, అదే సైజు. అంతా జాగ్రత్తగానే చేశాడు. పిలుపు దగ్గర మాత్రం చెయ్యి తన అలవాటు తాను చేసుకుపోయింది.

రెండేళ్ళుగా నేను దిద్దుతున్న చుక్కలవి. ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు. పెద్ద సారుని పేరు పెట్టి పిలవడానికి చెంపలేసుకున్న మనిషి ఉత్తరంలో ఆ పేరెలా వచ్చింది?

ఆ క్షణంలో కాపీలు తీసుకోవాల్సింది. మెషిన్ ముందే ఉన్నాను, బటన్ మీద వేలుంది. తియ్యలేదు. దొంగ దొరికాడన్న ఆవేశంలో కాగితాలు పట్టుకుని నేరుగా అడ్మిన్ మేనేజర్ గదిలోకి వెళ్ళిపోయాను. ఇంత తెలివితక్కువ పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

అడ్మిన్ మేనేజర్ హైదరాబాదు ఆయన. మన తెలుగువాడు, బాగా చదువుకున్నవాడు, దసరాకి మా అందరినీ ఇంటికి పిలిచి భోజనం పెట్టినవాడు. అందుకే వెళ్ళాను.

"ఏందమ్మా, గట్ల ఉరికొచ్చినవ్? కూసో, కూసో."

ఉత్తరం నేనే టైపు చేశానని ఒప్పుకున్నాను. సొంత పని చేసినందుకు తిడతాడనుకున్నాను, చెయ్యి ఊపి పక్కన పెట్టేశాడు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

"నాకైతే ఏం తేడా కనిపిస్తలేదు. పైన డియర్ ఉంది, కింద యువర్స్ ఉంది."

"లేదు సార్. పేరు పెట్టి పిలిస్తే కింద ఫెయిత్‌ఫుల్లీ రాదు. నేనైతే చచ్చినా అలా కొట్టను. ఈ పేజీ నాది కాదు."

"అట్లనా? ఇగో, ఈ కాయితం మీద రాసి చూపియ్యి. నాకు సమజ్ కావాలె కదా."

రాసి చూపించాను. ఎంత చక్కగా చూపించానో! పెన్సిల్ తీసుకుని, గీత గీసి, ఎడమవైపు పిలుపులు, కుడివైపు ముగింపులు. డియర్ సర్ ఎదురుగా ఫెయిత్‌ఫుల్లీ. డియర్ మిస్టర్ ఎదురుగా సిన్సియర్లీ. చనువైన పేరు ఎదురుగా రిగార్డ్స్. కామాకి కామా. కోలన్ అమెరికా అలవాటు, అది మన ఆఫీసులో ఎవరికుందో కూడా చెప్పాను. అన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఒక మగాడు నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. నాకు గర్వంగా కూడా అనిపించింది, సిగ్గు విడిచి చెప్తున్నాను. మాస్టారు చూస్తే బాగుండుననుకున్నాను.

"మరి ఇది కరెక్ట్ చెయ్యాలంటే ఏం ఉండాలె? పైనది మారాల్నా, కిందిదా?"

"పైన డియర్ సర్ అని ఉండాలి సార్, పక్కన కామా. అలాగే ఉండేది."

"మస్తు పట్టినవమ్మా! నేను చూస్కుంటా. ఇవి నా దగ్గర పెట్టి పో. ఎవరితోటీ అనకు, రేపు విచారణల నేనే తీస్తా ఈ ముచ్చట."

ఆ రాత్రి మా ఆయనకి చెప్పి, బాబాయ్ గండం గట్టెక్కినట్టే అన్నాను.

మర్నాడు విచారణకి మినిట్స్ రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. బల్ల చుట్టూ తొమ్మిదిమంది. బాబాయ్ తలుపు దగ్గర కుర్చీలో, ఉతికిన చొక్కా వేసుకుని. అడ్మిన్ మేనేజర్ అందరికీ కాపీలు పంచాడు. కాపీలు ఆయనే తీయించాడు. నా చేతికి వచ్చిన కాగితం పైన చూశాను. డియర్ సర్, కామా. తిప్పాను. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, కామా. మధ్యలో అదే అబద్ధం, ఒక్క మాట మారలేదు.

మాస్టారు చూసినా చింపలేని ఉత్తరం అది. నేనే సరిచేశాను దాన్ని. నా పెన్సిలుతో, నా నోటితో.

అడ్మిన్ మేనేజర్ వైపు చూశాను. ఆయన పెన్ను మూత బిగించుకుంటున్నాడు. ముదీర్ వైపు చూశాను. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు. ముందు రోజు సాయంత్రం వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఈరోజుకీ తెలియదు. పరంజా బాగోలేదని ముందే తెలిసి పని ఆపలేదంటే తప్పు కంపెనీది. ఫోర్‌మన్ బాగుందన్నాడంటే తప్పు ఫోర్‌మన్‌ది. ఇంతకంటే మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

సేఫ్టీ ఆఫీసరు రెండో పేజీ బాబాయ్ ముందు పెట్టాడు.

"యే సైన్ తుమారా హై?"

"హా సాబ్. మేరాహీ హై."

"లెటర్ తుమ్‌నే దియా?"

"హా సాబ్, మైనే దియా. ముదీర్ కే హాత్ మే దియా." పాపం, ఆయన మొహం వెలిగిపోయింది. తన కాగితం బల్ల మీదకి వచ్చిందని సంతోషం.

అప్పుడు ఆఫీసరు మొదటి పేజీ చదివి హిందీలో చెప్పాడు. అంతా చూశాను, బాగుంది, వాడుకోవచ్చు. బాబాయ్ ముందు అర్థం కానట్టు నవ్వాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పారు. నై సాబ్, నై, నై అన్నాడు. సంతకం నీదే కదా అన్నారు. అప్పుడు ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

నేను నోరు తెరవలేదు.

ఎందుకు తెరవలేదో నన్ను నేను వెయ్యిసార్లు అడుక్కున్నాను. నా వీసా మా ఆయన మీద ఉంది, ఆ ఉద్యోగం పోతే మేమేం పస్తులుండం. ఉత్తరం నేనే టైపు చేశానంటే, అయితే ఈ అబద్ధం నువ్వే కొట్టావా అంటారని భయం వేసింది. నిన్న పైన వేరేలా ఉండేది అంటే, ఏదీ చూపించు అంటారు. చూపించడానికి నా దగ్గర ఏముంది? ఇవన్నీ కారణాలే. కానీ అసలు సంగతి ఇంకోటి. ఆ గదిలో లేచి నిలబడి కామా గురించీ కోలన్ గురించీ మాట్లాడితే ఆ మగాళ్ళు మళ్ళీ ఇకిలిస్తారని. ఒక మనిషి బతుకు కంటే నాకు అది ఎక్కువైంది. తల వంచుకుని మినిట్స్ రాశాను. సంతకం తనదేనని ఫోర్‌మన్ అంగీకరించాడు అని రాశాను.

వారానికల్లా ఆయన్ని తీసేశారు. ఆ ఉత్తరం టైపు చెయ్యమని అడ్మిన్ మేనేజర్ నన్నే పిలిచాడు. డియర్ మిస్టర్ అని ఆయన ఇంటిపేరు చెప్పాడు, కామా అన్నాడు, నాలుగు వాక్యాలు చెప్పాడు. చివరికొచ్చేసరికి కాస్త ఆగి, నావైపు చూసి అన్నాడు:

"పేరు పెట్టినం గదా. సిన్సియర్లీ ఎయ్యాలె. అంతే కదమ్మా?"

"అంతే సార్" అన్నాను.

ఛీ, నా బతుకు! చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది, ఎవరి చెంపో తెలియలేదు. కామా పెట్టాను. ప్రింటు తీసి ఇచ్చాను.

బాబాయ్ వెళ్ళే రోజు నేను క్యాంపు గేటు దగ్గరికి వెళ్ళాను. అబూధాబీ బస్సు నిలబడి ఉంది. ఆయన్ని సాగనంపడానికి క్యాంపు వాళ్ళెవరూ రాలేదు. నడుం విరిగిన మనిషిని తెచ్చింది ఈయనే, పరంజా బాగుందని రాసిచ్చిందీ ఈయనే అని అప్పటికే అందరూ అనేసుకున్నారు. ఊళ్ళోకి కూడా ఆ మాట ఫోన్లలో ఆయన కంటే ముందే వెళ్ళిపోయిందట. తాడు కట్టిన అట్టపెట్టె ఒకటి, సంచి ఒకటి పక్కన పెట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి కళ్ళు తిప్పుకోలేదు. అదే నన్ను చంపింది.

"నేనేం తప్పు చేశానమ్మా మీకు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "పరంజా బాగోలేదని చెప్తే, బాగుందని ఎందుకు రాసేరు?"

ఇన్ని రోజులూ ఆయన అలా అనుకుంటున్నాడని నాకు తట్టనే లేదు. ఆయన చదవలేని కాగితం నేను రాశాను, ఆయన నన్ను నమ్మి సంతకం పెట్టాడు. ఇంకేమనుకుంటాడు మరి?

"నేను రాయలేదు బాబాయ్! ఒట్టు. పేజీ మార్చేశారు. మీరు సంతకం పెట్టింది రెండో పేజీ మీద, మొదటి పేజీ తీసేసి ముదీర్ తనది పెట్టాడు. నేను పట్టుకున్నాను. పైన పిలుపూ కింద ముగింపూ కలవలేదు. చూడగానే తెలిసిపోయింది నాకు."

గబగబా అంతా చెప్పాను. పెద్ద సారు పేరు, కోలన్, అడ్మిన్ మేనేజర్ గది, పెన్సిలు, తెల్లారేసరికి మారిపోయిన కాగితం. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బాబాయ్ అడ్డం రాకుండా మొత్తం విన్నాడు.

"అయితే మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఆళ్ళు నన్ను కూకోబెట్టి అడగడానికి ముందే?"

"ముందు రోజే."

ఆయన వంగి అట్టపెట్టె తాడు పట్టుకున్నాడు.

"మరి ఆ గదిలో మీరూ ఉన్నారు కదమ్మా" అన్నాడు.

డ్రైవరు యల్లా యల్లా అని అరిచాడు. ఆయన పెట్టె ఎత్తి బస్సులో పెట్టి, సంచి తీసుకుని ఎక్కాడు. నాకు అటువైపు సీటు చూసుకుని కూర్చున్నాడు. వెళ్ళొస్తానని చెప్పలేదు.